ఆరుగురి పులిహోర అరవై మందికి

ఇంట్లో ఆరుగురికి చేసే పులిహోర లెక్క అందరికీ చేతికి వచ్చే ఉంటుంది. అదే పులిహోర వ్రతం రోజున అరవై మందికి చేయాలంటే చాలామంది కాగితం తీసుకుని అన్నిటినీ పదితో గుణిస్తారు. అరకిలో బియ్యం ఐదు కిలోలవుతుంది, ఎనిమిది ఎండుమిరపకాయలు ఎనభై అవుతాయి, తొంభై మిల్లీలీటర్ల నూనె దాదాపు లీటరుకు చేరుతుంది. సాయంత్రానికి సగం పులిహోర మిగులుతుంది, ఆ మిగిలింది కూడా నోరు మండేంత కారంగా ఉంటుంది. గుణకారంలో తప్పేమీ లేదు. ఎంతతో గుణించాలి, దేన్ని గుణించాలి అన్నవి రెండూ విడివిడి ప్రశ్నలు. ఆ సంగతి పట్టించుకోకపోవడం వల్లే లెక్క తప్పింది.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పే సరుకుల పట్టికను ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఒక్కసారి తయారు చేసుకుంటే, తర్వాత అతిథుల సంఖ్య మార్చిన ప్రతిసారీ మిగతా లెక్కంతా అదే మారుతుంది. పులిహోరనే ఉదాహరణగా తీసుకుని ఆ పట్టికను కట్టి చూద్దాం.

ముందు లెక్కపెట్టాల్సింది తలలను కాదు

ఇంట్లో ఆరుగురికి అరకిలో బియ్యం అంటే మనిషికి 83 గ్రాములు. ఆ పూటకు పులిహోర ఒక్కటే తిండి అయినప్పటి లెక్క అది. వ్రతం భోజనంలో పులిహోర పక్కన పప్పు, కూర, గారెలు, పాయసం, పెరుగన్నం ఉంటాయి. విస్తట్లో పులిహోర రెండు గరిటెలకు మించదు. అంటే వండినది 150 గ్రాముల దాకా, బియ్యం లెక్కలో 45 గ్రాములు. ఇక అరవై మందిలో పన్నెండు మంది చిన్నపిల్లలనుకుంటే, వాళ్లు సగం తింటారు. నలభై ఎనిమిది మంది పెద్దలు, పన్నెండు మంది పిల్లలు కలిసి యాభై నాలుగు విస్తళ్ల కింద లెక్క. 54ను 45తో గుణిస్తే 2,430 గ్రాములు. కొలవడానికి వీలుగా 2.5 కిలోలు అనుకుందాం.

ఇంటి వంటకం అరకిలోది కాబట్టి పెంచాల్సింది ఐదు రెట్లే, పది రెట్లు కాదు. మనుషుల సంఖ్య పదింతలైనా వంట ఐదింతలే అయింది. అందుకే పట్టికలో రెట్లను అతిథుల సంఖ్య నుంచి నేరుగా తీసుకోకూడదు. వంటకంలోని ప్రధాన సరుకు బరువు నుంచి తీసుకోవాలి. పులిహోరకు అది బియ్యం, గారెలకు మినప్పప్పు, పాయసానికి పాలు.

మనిషికి ఇంత అని ముందే నిర్ణయించుకుని అక్కడి నుంచి పైకి లెక్క కట్టే పద్ధతి ఈ దేశంలో రోజూ లక్షల వంటపాత్రల్లో నడుస్తోంది. బడుల్లో మధ్యాహ్న భోజనానికి, అంటే ఇప్పటి పీఎం పోషణ్ పథకానికి, కేంద్రం పెట్టిన కొలతలు సరిగ్గా ఇలాంటివే. ప్రాథమిక తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు ఒకటిన్నర రెట్లు: 150, 30, 75, 7.5 గ్రాములు. వంద మంది చిన్నపిల్లలున్న బడిలో పది కిలోల బియ్యం, రెండు కిలోల పప్పు అని వంటావిడ నోటితోనే చెప్పేయగలదు. అదే పట్టికలో ఉప్పు, పోపు సామాను దగ్గరికి వస్తే మాత్రం అంకె ఉండదు, 'అవసరం మేరకు' అని ఉంటుంది. పట్టికలోని అన్ని వరుసలూ ఒక తీరువి కావని ఆ కొలతలు రాసినవాళ్లకూ తెలుసన్నమాట.

వరుసకో తీరు

పులిహోర సరుకుల్లో ఎక్కువ భాగం నేరుగా పెరిగేవే. బియ్యం ఐదింతలైతే చింతపండు, ఉప్పు, పసుపు, పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు, బెల్లం కూడా ఐదింతలే కావాలి. ఒక ముద్ద అన్నంలో ఎంత పులుపు, ఎంత ఉప్పు ఉన్నాయన్నదే నాలుకకు తెలుస్తుంది. అన్నం ఏడు కిలోలున్నా కిలో ఉన్నా ఆ పాళ్లు మారకూడదు.

రెండో తీరువి పెంచినా కొంచెం తగ్గించి పెంచాల్సినవి. వీటిలో మొదటిది కారం. ఎండుమిర్చిని పూర్తిగా ఐదు రెట్లు వేయకుండా ముప్పావు వంతుతో మొదలుపెట్టమనడానికి కారణాలు ఉన్నాయి. ఎక్కువ పులుసు ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి, అందులో ఉన్న మిరపకాయలు తమ కారాన్ని ఇంకా ఎక్కువగా వదులుతాయి. మిరప రకం మారితే లెక్క మొత్తం మారుతుంది. తేజ రకం గుంటూరు సన్నం కంటే ఘాటు, బ్యాడగి రంగుకే తప్ప కారానికి అంతగా పనికిరాదు. పెద్ద వంటకు కిరాణా కొట్లో కొన్న మిరపకాయలు ఇంటి డబ్బాలోని రకమే కావాలని లేదు. పైగా తక్కువైన కారాన్ని చివర్లో కలపవచ్చు కానీ ఎక్కువైన దాన్ని ఏడు కిలోల అన్నంలోంచి తీయలేం. ఇంగువదీ ఇదే దారి.

నీళ్లది వేరే కథ. చింతపండు నానబెట్టే నీళ్లు రుచి కోసం కావు, గుజ్జు దిగడానికే. ఆ తర్వాత పులుసు చిక్కబడి నూనె తేలేదాకా వాటిని మరిగించి పోగొట్టాలి. వంట ఎనిమిదింతలైతే, అదే ఆకారంలో ఉన్న పెద్ద గిన్నె వెడల్పూ ఎత్తూ రెండింతలే అవుతాయి. పైన ఆవిరి పోయే మేర మాత్రం నాలుగింతలే పెరుగుతుంది. ఎనిమిదింతల పులుసుకు నాలుగింతల జాగా అన్నమాట. అందుకే పెద్ద గిన్నెలో పులుసు ఎంతకీ చిక్కబడనట్టు ఉంటుంది. పొయ్యి కూడా ఇంట్లోదే అయితే ఇంకా ఆలస్యం. నీళ్లను మొదట్లోనే ముప్పై శాతం తగ్గించి, వేడినీళ్లలో నానబెట్టి, రెండు విడతలుగా పిండుకుంటే గుజ్జు అంతే దిగుతుంది, మరిగే సమయం ఆదా అవుతుంది.

అన్నం వండే నీళ్లకూ ఇదే సూత్రం. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు అని మనం పోసే నీళ్లలో బియ్యం పీల్చుకునేది గ్లాసుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. మిగతాది చాలావరకు ఆవిరిగా పోతుంది. పది గ్లాసుల బియ్యానికి ఇరవై గ్లాసులు పోస్తే, అంత ఆవిరి పోదు కాబట్టి అన్నం మెత్తబడి ముద్దకడుతుంది. పులిహోరకు అది పనికిరాదు. వంటవాళ్లు పెద్ద వంటల్లో ఎసట్లో బియ్యం పోసి, పలుకు ఉండగానే గంజి వార్చేసేది ఇందుకే. నీళ్లు ఎన్ని పోసినా మిగిలింది వంచేస్తారు కాబట్టి, పట్టికలో అన్నం నీళ్లకు వరుసే అక్కర్లేదు.

మూడో తీరు పులిహోరలో కనిపించదు, పక్క పొయ్యి మీద గారెల మూకుట్లో కనిపిస్తుంది. ఇంట్లో గారెలకు లీటరు నూనె పోశాం కదా అని ఐదింతల గారెలకు ఐదు లీటర్లు కొనేవాళ్లున్నారు. ఇంట్లో పోసిన లీటరులో గారెలు పీల్చుకున్నది ఎంత? వేయించడం అయ్యాక నూనె చల్లార్చి కొలిస్తే 900 మి.లీ. మిగిలిందనుకుందాం. ఖర్చయింది 100 మి.లీ. మాత్రమే. ఐదింతలకు 500 మి.లీ. ఖర్చవుతుంది. ఈసారి వాడే పెద్ద మూకుడు నిండడానికి లీటరున్నర కావాలంటే మొత్తం రెండు లీటర్లు చాలు. మూకుడులో ఉండాల్సింది స్థిరం, గారెలు తాగేది మాత్రమే వంటతో పాటు పెరిగేది.

ఒకే సూత్రంలో మూడు తీర్లు

ఎక్సెల్‌లోనైనా గూగుల్ షీట్స్‌లోనైనా ఈ మూడింటినీ ఒకే సూత్రంలో ఇమడ్చవచ్చు. పైన ఆరు గడులు లెక్కకు పెట్టుకోవాలి. B1లో ఇంటి వంటకంలోని బియ్యం 500, B2లో పెద్దలు 48, B3లో పిల్లలు 12, B4లో మనిషికి గ్రాములు 45 అని రాయాలి. B5లో కావలసిన బియ్యం, B6లో రెట్లు వాటంతట అవే వస్తాయి:

```
B5:  =CEILING((B2+B3*0.5)*B4,100)
B6:  =B5/B1
```

మొదటి సూత్రంలోని `CEILING` 2,430ని పై వందకు, అంటే 2,500కు సవరిస్తుంది. రెండోది 5 అని చూపిస్తుంది. ఏడో వరుస ఖాళీగా వదిలి, ఎనిమిదో వరుసలో శీర్షికలు, తొమ్మిదో వరుస నుంచి సరుకులు రాసుకోవాలి. A గడిలో సరుకు పేరు, Bలో ఇంటి కొలత, Cలో స్థిరంగా కావలసింది, Dలో ఎంత వంతు పెంచాలన్నది. జవాబు Eలో వస్తుంది:

```
E9:  =C9+B9*$B$6*D9
```

నేరుగా పెరిగే సరుకుకు Cలో 0, Dలో 1 ఉంటాయి. కారానికి Dలో 0.75. గారెల నూనెకు Bలో తాగిన 100, Cలో మూకుడుకు కావలసిన 1500, Dలో 1. గారెలకు కావలసిన పప్పు వేరే రెట్లలో పెరిగితే వాటికి వేరే పట్టిక పెట్టుకోవడం మంచిది.

E9 సూత్రాన్ని కిందికి లాగి మిగతా వరుసలకు పాకించేటప్పుడు `$B$6`లోని రెండు డాలర్ గుర్తుల మీద ఒక కన్ను వేయాలి. అవి ఉంటేనే ప్రతి వరుసా B6లోని రెట్లను చూస్తుంది. మరిచిపోతే రెండో వరుస ఖాళీగా ఉన్న B7ను చూసి చింతపండు సున్నా అంటుంది. మూడో వరుస B8లోని శీర్షికను చూసి `#VALUE!` అని చూపిస్తుంది. సున్నాలు, ఈ గుర్తు కనిపిస్తే లోపం అక్కడే ఉందని తెలుసుకోవచ్చు.

ఇలా కట్టిన పట్టికలో ముఖ్యమైన వరుసలు ఇవి:

| సరుకు | ఇంటి కొలత | పెంచే వంతు | 2.5 కిలోల బియ్యానికి |
|---|---|---|---|
| బియ్యం | 500 గ్రా. | 1 | 2.5 కిలోలు |
| చింతపండు | 70 గ్రా. | 1 | 350 గ్రా. |
| చింతపండు నీళ్లు | 250 మి.లీ. | 0.7 | 875 మి.లీ. |
| ఉప్పు | 16 గ్రా. | 1 | 80 గ్రా. |
| నూనె | 90 మి.లీ. | 0.9 | 405 మి.లీ. |
| పల్లీలు | 50 గ్రా. | 1 | 250 గ్రా. |
| శనగపప్పు | 25 గ్రా. | 1 | 125 గ్రా. |
| పసుపు | 3 గ్రా. | 1 | 15 గ్రా. |
| ఎండుమిర్చి | 8 | 0.75 | 30 |
| పచ్చిమిర్చి | 6 | 0.75 | 23 |

పచ్చిమిర్చికి పట్టిక 22.5 అని చూపిస్తుంది. అర మిరపకాయ కొనలేం కాబట్టి లెక్కించి కొనే వరుసలకు సూత్రాన్ని `ROUND`లో పెట్టుకోవచ్చు. కొబ్బరికాయలు, నూనె ప్యాకెట్లు లాంటివైతే తక్కువ కాకుండా ఉండాలి కాబట్టి `ROUNDUP` వాడాలి.

ఉప్పు చెంచాల్లో కాకుండా గ్రాముల్లో ఉండటానికి కారణం ఉంది. ఇంట్లో మూడు చెంచాలు వేసేవాళ్లు పదిహేను చెంచాలు లెక్కపెడుతూ కూర్చోరు, గిన్నెతోనో గుప్పెడుతోనో వేసేస్తారు. కొలిచే సాధనం మారిన చోటే ఉప్పు తప్పుతుంది. మెత్తటి ఉప్పు చెంచాకు సుమారు ఆరు గ్రాములు తూగితే, కల్లుప్పు గింజల మధ్య ఖాళీ వల్ల అదే చెంచాలో తక్కువ పడుతుంది. ఒక్కసారి ఇంటి కొలతను వంటింటి తూకంలో వేసి గ్రాముల్లో రాసుకుంటే, ఉప్పు ఏ రకమైనా ఆ అంకె మారదు.

కలిపే ముందు చూసుకోవాల్సింది

పట్టిక ఎంత బాగా కట్టినా చివరి తీర్పు నాలుకదే. కాకపోతే అరవై మంది వంటను మొత్తం కలిపేసి రుచి చూస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది. రెండున్నర కిలోల బియ్యం వార్చి దింపితే సుమారు 6.75 కిలోల అన్నం అవుతుంది. పులుసు, పోపు కలిపిన ముద్దను తూస్తే 1.35 కిలోలు వచ్చిందనుకుందాం. అది అన్నంలో సరిగ్గా ఐదో వంతు. కాబట్టి చిన్న గిన్నెలో 100 గ్రాముల అన్నానికి 20 గ్రాముల పులుసు కలిపి, ఐదు నిమిషాలు ఉంచి తిని చూస్తే, మొత్తం గంగాళం ఎలా ఉండబోతోందో ముందే తెలుస్తుంది. కారం చాలకపోతే నాలుగు మిరపకాయలు నూనెలో వేయించి కలపడానికి అప్పుడు ఇంకా సమయం ఉంటుంది. ఉప్పు ఎక్కువనిపిస్తే కాస్త చప్పిడి అన్నం కలపవచ్చు. మొత్తం కలిపేటప్పుడు కూడా పులుసులో పదో వంతు పక్కన పెట్టుకుంటే మంచిది. అన్నం నానిన కొద్దీ పులుపు సద్దుకుని, గంట తర్వాత చప్పగా అనిపిస్తే దాంతో సరిచేసుకోవచ్చు.

పెద్ద వంటలో ఇంకో తేడా వేడి నిలవడం. ఏడు కిలోల అన్నాన్ని లోతైన గిన్నెలోనే వదిలేస్తే నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. కింది అన్నం పై బరువుకు నలిగి ముద్దవుతుంది. వెచ్చగా నిల్వ ఉన్న అన్నంలో బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, వాంతులకు కారణమవుతుంది. వార్చిన వెంటనే రెండు మూడు వెడల్పాటి బేసిన్లలోనో శుభ్రమైన బట్ట మీదనో పలుచగా ఆరబెట్టి, పసుపు, నూనె పట్టించి, ఆరాక పొరలు పొరలుగా పులుసు కలపాలి. పట్టిక చివర ఒక వరుసలో పాత్రల సంగతి కూడా రాసుకునేవాళ్లు ఉంటారు: ఎన్ని బేసిన్లు, ఎంత గుండిగ, ఎన్ని విడతలు.

ఇద్దరికే అయితే

తగ్గించడం తేలిక అనిపిస్తుంది కానీ అక్కడా ఇవే సూత్రాలు తలకిందులుగా పనిచేస్తాయి. ఇద్దరికి, ఆ పూటకు పులిహోరే తిండి అనుకుంటే బియ్యం 167 గ్రాములు, రెట్లు మూడో వంతు. చింతపండు 23 గ్రాములు. నీళ్లు మాత్రం మూడో వంతైన 83 మి.లీ. చాలవు. చిన్న వంట తొందరగా ఆవిరైపోతుంది కాబట్టి గుజ్జు ఉడకకముందే అడుగంటుతుంది. ఆ వరుసలో వంతును 1.25 చేస్తే 104 మి.లీ. వస్తుంది, అది సరిపోతుంది. నూనె 30 మి.లీ.కి దిగితే, రోజూ వాడే వెడల్పాటి మూకుడులో అది పలుచగా పరుచుకుని శనగపప్పు వేగేలోపే ఆవాలు మాడిపోతాయి. నూనె పెంచడం కంటే చిన్న పోపు గరిటె తీసుకోవడం మేలు. ఇంగువ అరగ్రాములో మూడో వంతుకు తూకం కూడా పనిచేయదు, చిటికెడే దిక్కు. అందుకే ఇద్దరే ఉండే ఇళ్లలో పులుసును ఆరుగురి కొలతకే చేసి, ఆరాక పొడి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు. కావలసినప్పుడు అన్నాన్ని తూచి ఐదో వంతు పులుసు కలుపుకుంటారు. కొన్ని వంటలకు కిందిహద్దు ఉంటుంది. దానికంటే తగ్గించడం కంటే చేసి దాచుకోవడం నయం.

మిగిలింది ఎంతో రాసుకుంటే

మొదటిసారి 45 గ్రాములన్నది అంచనా. మీ ఇంటికి వచ్చేవాళ్లు అంత తింటారో లేదో ఆ రోజు సాయంత్రం గానీ తెలియదు. పంక్తులన్నీ లేచాక గిన్నెల్లో మిగిలిన పులిహోరను తూచండి. చేసింది 8.1 కిలోలైతే, కిలో మిగిలితే, తిన్నది 88 శాతం. 45ను 0.88తో గుణిస్తే మనిషికి దాదాపు 40 గ్రాములు. వచ్చేసారి B4లో 40 అని మార్చండి, మిగతా వరుసలన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఒకవేళ చివరి పంక్తికి అడుగంటితే అంకెను 50కి పెంచండి. ఎంతమంది వచ్చారు, ఇంకా ఏమేం వడ్డించారు, ఎంత మిగిలింది అన్న మూడు ముక్కలు పట్టిక కింద తేదీ వేసి రాసుకుంటే, రెండు మూడు పంక్తి భోజనాల తర్వాత ఆ అంకె పుస్తకంలో దొరికే ఏ అంకె కంటే మీ ఇంటికి నిజం అవుతుంది. కారం వంతు కూడా అంతే. 0.75తో పెట్టిన పులిహోర చప్పగా ఉందని పెద్దవాళ్లు అంటే 0.85 చేయండి, పిల్లలు నీళ్లకు పరిగెడితే 0.65కు దించండి.